అప్పకు రాసే చీటీలో మొదటి వాక్యం

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా ఆయనా నేనూ ఇద్దరం ఉద్యోగస్తులం. పొద్దున్న ఎనిమిదిన్నరకు బయటపడితే మళ్లీ ఇల్లు చేరేది సాయంత్రమే. ఆరేళ్లుగా మా ఇంట్లో వంటా పనీ చూసుకునే అప్ప ఉంది. మొన్న ఇండక్షన్ స్టవ్, మైక్రోవేవ్, కొత్త మిక్సీ ఒకేసారి కొన్నాం. అప్ప ఇంతవరకు గ్యాస్ మీదే వండింది, పాత మిక్సీ కూడా నేనే వేసేదాన్ని. జాగ్రత్తలన్నీ ఒక కాగితం మీద రాసి వంటింట్లో అంటించాలని ఉంది. తను ఇంట్లో మాట్లాడేది తెలుగే కానీ చదివింది ఐదో తరగతి దాకా ఒడియా బడిలో. తెలుగు చదవలేదు. ఏం రాయాలి, ఎంత రాయాలి?

సమాధానం:

అమ్మా, చీటీ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ మూడింటి ప్లగ్గులూ చేతిలోకి తీసుకుని పిన్నుల లావు చూడండి. మిక్సీవి సన్న పిన్నులు. ఇండక్షన్‌కి మామూలుగా లావు పిన్నులుంటాయి, పెద్ద మైక్రోవేవ్‌కి కూడా అంతే. ఆ లావు పిన్నులు దూరే సాకెట్లు మీ వంటింట్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మన వైపు పాత ఇళ్లలో ఒకటి ఉంటే గొప్ప, అది కూడా ఫ్రిజ్ వెనక ఉంటుంది.

బరంపురంలో ఇరవై ఎనిమిదేళ్లు మిక్సీలూ గ్రైండర్లూ ఇస్త్రీపెట్టెలూ బాగుచేసే కొట్టు నడిపాను. అప్పట్లో ఒకరు ఇండక్షన్ పట్టుకొచ్చి 'వేడెక్కడం లేదు, చూడండి' అన్నారు. స్టవ్ బాగానే ఉంది. దాని ప్లగ్గు మాత్రం ఒక పక్క కరిగి గోధుమరంగుకు తిరిగింది. వాళ్లింటికి వెళ్లి చూశాను. సన్న పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సు, దానికో మార్పిడి ప్లగ్గు, అందులో ఇండక్షన్, పక్కనే మిక్సీ. ఇండక్షన్ 2000 వాట్లది. 230 వోల్టుల దగ్గర అది దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. ఆ బాక్సు తట్టుకునేది 6. దానికి తోడు 750 వాట్ల మిక్సీ తిరిగితే ఇంకో మూడు పైచిలుకు. రెండూ కలిసి పన్నెండు ఆంపియర్లు, అంటే బాక్సు తట్టుకునేదానికి సరిగ్గా రెట్టింపు.

ఇదంతా లెక్క. నాకు గుర్తుండిపోయింది వేరే. ఆ ఇంట్లో వండే పిన్నికి నాలుగు రోజులుగా కాలిన వాసన తెలుస్తూనే ఉందట. ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగితే, 'పోయిన నెల మిక్సీ జారు మూత పగిలిందని జీతంలో కోసుకున్నారు బాబూ, ఇది కూడా నా మీదకే వస్తుందని ఊరుకున్నా' అంది.

కాబట్టి మీ చీటీలో మొదటి వాక్యం ఇండక్షన్ గురించీ కాదు, మిక్సీ గురించీ కాదు. ఇలా రాయండి:

'అప్పా, వీటిల్లో ఏది పాడైనా, పగిలినా నీ జీతంలోంచి ఒక్క రూపాయి కూడా కోయను. కాలిన వాసన వచ్చినా, పొగ వచ్చినా, ముట్టుకుంటే చేయి జిల్లుమన్నా, వింత చప్పుడు వచ్చినా గోడ మీది స్విచ్ కట్టేసి, అక్కడితో వంట ఆపేసి నాకు ఫోన్ చెయ్యి. ఆ పూట వంట లేకపోయినా పర్వాలేదు.'

చివరి వాక్యం తీసేయకండి. మీరు తిరిగొచ్చేసరికి అన్నం ఉండాలి కదా అనే టెన్షన్‌తోనే చాలామంది జిల్లుమంటున్న స్టవ్ మీద గంటసేపు వండేస్తారు.

ఇక సాకెట్ల పని. ఇది అప్ప పని కాదు, మీ పని. చీటీ అంటించే లోపే కావాలి. ఇండక్షన్‌కి 16 ఆంపియర్ల సాకెట్టు విడిగా వేయించండి. మైక్రోవేవ్‌కి ఇంకొకటి. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు ఎర్త్ నిజంగా పనిచేస్తోందో లేదో చూపించమనండి. సాకెట్టుకు మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనక తీగ ఉన్నట్టు కాదు, ఖాళీ రంధ్రాలు నేను ఎన్నో చూశాను. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే అదే రోజు పెట్టించండి. ఎంసీబీ తీగల్ని కాపాడుతుంది. తడిచేత్తో ముట్టుకున్న మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. మైక్రోవేవ్‌ని, ఇండక్షన్‌ని ఒకే బోర్డు మీద పెట్టాల్సి వస్తే, రెండూ ఒకేసారి నడపొద్దని చీటీలో ఒక ముక్క చేర్చండి. అంతకు మించి కరెంటు పాఠం తనకు అక్కర్లేదు.

భాష సంగతి. మీరు తెలుగులో రాస్తే తను చదవలేదు. ఒడియాలో రాస్తే చదువుతుంది, కానీ వంటింటి మాటలు తనకు తెలుగులోనే అలవాటు. పోపును ఒడియాలో ఛుంక అంటారని తనకూ తెలుసు, అయినా నోట్లో ఆడేది పోపే. అందుకని తెలుగు మాటలనే ఒడియా అక్షరాల్లో రాయండి. మన జిల్లాల్లో ఇదేం కొత్త కాదు. సామాన్ల జాబితాలు ఇలాగే రాసుకునే ఇళ్లు నాకు చాలా తెలుసు. మీకు ఒడియా రాయడం చేతకాకపోతే ఆఫీసులో ఎవరి చేతనైనా రాయించి, ఇంటికొచ్చాక తన చేతే పైకి చదివించండి. ఎక్కడ తడబడితే అక్కడ మాట మార్చండి.

స్టవ్ మీద ఇంగ్లీషులో ఉండే దోశ, కర్రీ, మిల్క్ లాంటి బటన్ల జోలికి పోనివ్వకండి. వాటిల్లో వేడీ సమయమూ కంపెనీ వాళ్లు ముందే బిగించేస్తారు, మన గిన్నెకూ మన పప్పుకూ అది కుదరదు. తనకు కావాల్సినవి మూడే: వేసే బటన్, పెంచేది, తగ్గించేది. వాటి పక్కన గోళ్లరంగుతో మూడు చుక్కలు పెట్టండి. బటన్ మీద పెట్టకూడదు, అక్కడ పెడితే వేలు సరిగా అందుకోదు.

ఇండక్షన్ గురించి ఇంతకంటే ఎక్కువ రాయొద్దు:

'ఇందులో మంట కనబడదు. గిన్నె తీసేశాక కూడా అద్దం కాలుతుంది, చెయ్యి పెట్టకు. ఎర్ర దారం కట్టిన గిన్నెలే దీని మీద పెట్టు. నూనె వేసి పక్కకు వెళ్లకు. పోపు ఎప్పుడూ 600 మీదే. నూనె అంటుకుంటే నీళ్లు పొయ్యకు, స్విచ్ కట్టేసి మూత పెట్టు. అద్దం చిట్లితే ముట్టుకోకు, తుడవకు, గోడ మీది స్విచ్ కట్టేసి నాకు చెప్పు.'

దీనిలో రెండు సంగతులు మీకు విడిగా చెప్పాలి. మొదటిది గిన్నెలు. అద్దం కింద ఉన్న తీగచుట్ట అయస్కాంతంలా పనిచేసి గిన్నె అడుగునే వేడెక్కిస్తుంది. అందుకని అయస్కాంతం అంటుకునే అడుగున్న గిన్నెలే దాని మీద పనికొస్తాయి. అల్యూమినియం పప్పుగిన్నె, ఇత్తడి బిందె, మట్టిమూకుడు పెడితే స్టవ్ కీకీమని అరిచి ఆగిపోతుంది. స్టీలు అయితే చాలనుకుంటాం గానీ, మన ఇళ్లలోని స్టీలు గిన్నెలు చాలావాటికి అయస్కాంతం అంటుకోదు. ఆదివారం ఫ్రిజ్ మీది బొమ్మ అయస్కాంతం ఒకటి తీసుకుని అప్పా మీరూ కూర్చుని గిన్నెలన్నీ వేరు చేయండి. గట్టిగా అంటుకున్నవాటికి, అడుగు చదునుగా ఉన్నవాటికి పిడి దగ్గర ఎర్ర దారం కట్టేయండి. చీటీలో 'ఫెర్రస్ మెటల్' అని రాయడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. కుక్కర్ కొత్తది కొనాల్సి వస్తే అడుగున ఇండక్షన్ గుర్తున్నదే తీసుకోండి.

రెండోది నూనె. నిజమైన ప్రమాదం ఇక్కడే ఉంది. గ్యాస్ మీద వండిన చెయ్యి మంట ఎత్తు చూసి వేడి అంచనా వేస్తుంది. ఇక్కడ ఆ లెక్క పనిచేయదు. 2000 మీద పెట్టి లీటరు నీళ్లు కాస్తే మూడు, నాలుగు నిమిషాల్లో తెర్లుతాయి, అది బాగానే ఉంటుంది. అదే అంకె మీద మూకుడులో రెండు గరిటెల నూనె పోసి ఆవాల డబ్బా వెతుక్కోవడానికి వెనక్కి తిరిగితే, నిమిషం తిరక్కుండానే నూనె పొగలు కక్కుతుంది. పలచటి మూకుడైతే ఇంకా త్వరగా. అందుకే పోపుకు 600 అని అంకె వేసి మరీ రాయమన్నాను. ఆవాలు చిటపటలాడడానికి కొంచెం ఆలస్యమవుతుంది, అవనివ్వండి. కొన్ని స్టవ్‌లలో చిన్న అంకె మీద వేడి ఒకసారి వచ్చి, ఒకసారి ఆగి, మళ్లీ వస్తుంటుంది. అది పాడైపోవడం కాదు, దాని పద్ధతే అంత అని అప్పకు చెప్పండి, లేకపోతే అంకె పెంచేస్తుంది. మీ స్టవ్‌లో అంకెలు వాట్లలో కాకుండా ఒకటి, రెండు అని ఉంటే ఒకసారి మీరే పోపు వేసి చూసి సరైన అంకె రాయండి.

స్టవ్ దగ్గర మూకుడుకు సరిపోయే మూత ఒకటి మేకుకు తగిలించి ఉంచండి. నూనె అంటుకున్నప్పుడు మూత వెతుక్కునే తీరిక ఉండదు. మండుతున్న మూకుడును ఎత్తి సింకులోకి తీసుకుపోవాలనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది. ఒళ్లు కాలేది అప్పుడే. 'మూకుడు కదపకు' అని ఆ ఒక్క మాట నోటితో రెండుసార్లు చెప్పండి.

గంజి పొంగి స్టవ్ మీద పడడం చిన్న సంగతిలా కనిపిస్తుంది. మా కొట్టుకు వచ్చే ఇండక్షన్లలో సగం అవే. గంజి అంచుల్లోంచి లోపలికి దిగి ఎండిపోతుంది, దాని కోసం బొద్దింకలు చేరతాయి, బోర్డు కాలిపోతుంది. అన్నం గంజి వార్చే అలవాటుంటే దాన్ని గ్యాస్ మీదే ఉంచండి. స్టవ్ కింద పాత పేపరు పరచొద్దు, కింద ఫ్యాను ఉంది, దానికి గాలి ఆడాలి. వంట అయ్యాక ఆ ఫ్యాను కాసేపు తిరుగుతుంది. అది ఆగాకే గోడ స్విచ్ కట్టమనండి. ఇంకోటి, అప్పకు గానీ, ఇంట్లో ఎవరికైనా గానీ గుండెకు పేస్‌మేకర్ ఉంటే ఇండక్షన్ దగ్గరికి పంపే ముందు డాక్టర్ని అడగండి.

మైక్రోవేవ్ విషయంలో నేను మీతో ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. తనను దాంతో వండమనకండి. అన్నం, కూర వేడి చేయడానికి, బరంపురం అప్పడాలు కాల్చడానికి మాత్రం చాలు. అది కూడా మొదటి నెల అప్పడాలు మీరున్నప్పుడే. ఒక అప్పడం అరనిమిషం దాటితే మధ్యలో నల్లబడి పొగొచ్చే రకాలున్నాయి. చీటీలో ఇలా రాయండి:

'మైక్రోవేవ్‌లో ఈ రెండు గాజు గిన్నెలే పెట్టాలి, ఇంకేదీ వద్దు. స్టీలు వద్దు, చెంచా కూడా లోపల ఉండకూడదు. మూత బిగించకు, పైన వదులుగా పెట్టు. గుడ్డు పెట్టకు. లోపల ఏమీ లేకుండా నడపకు. ఒక నిమిషం పెట్టి, తీసి, కలిపి, మళ్లీ ఒక నిమిషం. లోపల మంట కనిపిస్తే తలుపు తియ్యకు, గోడ మీది స్విచ్ కట్టెయ్యి.'

ఏ ప్లాస్టిక్ మంచిది, ఏది కాదు అని జాబితా రాయొద్దు, ఎవరికీ గుర్తుండదు. రెండు గాజు గిన్నెలు కొని మైక్రోవేవ్ మీదే పెట్టేయండి, అవే దానివి. మీ ఇంట్లో పెళ్లిళ్లకు వచ్చిన పువ్వుల మెలమైన్ ప్లేట్లు ఉండే ఉంటాయి. చూడ్డానికి పింగాణీలా ఉంటాయి గానీ మైక్రోవేవ్‌లో అవే కాగిపోయి చిట్లుతాయి. బంగారు అంచున్న కప్పులు మెరుపులు మెరుస్తాయి. గిన్నెలు రెండే అని తేల్చేస్తే ఈ గొడవంతా ఉండదు.

నిమిషం పెట్టి కలపమనడానికి కారణం ఉంది. మైక్రోవేవ్ వేడి అంచుల దగ్గర ఎక్కువ, మధ్యలో తక్కువ. రాత్రి మిగిలిన అన్నం అంచున పొగలు కక్కుతుంది, మధ్యలో ఫ్రిజ్ చల్లదనం అలాగే ఉంటుంది. మధ్యలో గుంట చేసి, రెండు చెంచాల నీళ్లు చల్లి, అన్నం మొత్తం పొగలు వచ్చేదాకా వేడి చేయాలి. ఇంట్లో పసిబిడ్డ ఉంటే పాలసీసా దాంట్లో పెట్టనివ్వకండి. సీసా చల్లగానే తగులుతుంది, లోపల పాలు నాలుక కాల్చేంత వేడిగా ఉంటాయి. గుడ్డు సంగతి, ఉడికించి పెంకు తీసిన గుడ్డయినా సరే, బయటికి తీశాక కొరికినప్పుడు పేలిన సందర్భాలున్నాయి. మంచినీళ్లు కాయడానికి కూడా మైక్రోవేవ్ వద్దు. నున్నటి గాజు గ్లాసులో నీళ్లు బుడగలు రాకుండానే మరిగేంత వేడెక్కి, చెంచా వేయగానే ఒక్కసారి ఎగిసి మీద పడతాయి. టీకి నీళ్లు స్టవ్ మీదే పెట్టమనండి.

మైక్రోవేవ్ పాడైతే ఊళ్లో టీవీలు బాగుచేసే కుర్రాడి చేత విప్పించకండి. నేను ముప్పై ఏళ్ల దాకా అనుభవం ఉన్నవాణ్ణి, నేనే తొందరపడి విప్పను. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్ మనిషిని చంపేంత కరెంటు దాచుకుని ఉంటుంది.

ఇప్పుడు మిక్సీ. ఈ మూడింట్లో మీకు అలవాటైనదీ, భయం లేనిదీ ఇదే. నాకు ఎక్కువ భయం దీంతోనే.

ఎందుకంటే, వంట మధ్యలో కరెంటు పోయిందనుకోండి. ఇండక్షన్ ఆగిపోతుంది, కరెంటు తిరిగి వచ్చినా తనంతట తాను మొదలు కాదు, మళ్లీ బటన్ నొక్కాలి. బటన్ల మైక్రోవేవ్ కూడా అంతే. మిక్సీ అలా కాదు. దాని వేగం మార్చే మర ఏ అంకె మీద ఉందో అక్కడే ఉంటుంది. కరెంటు పోయినప్పుడు మర రెండు మీద ఉంటే, వచ్చిన క్షణాన రెండు మీదే తిరుగుతుంది. పచ్చడి ఎంతవరకు నలిగిందో చూద్దామని ఆ మధ్యలో మూత తీసి, వేలితో అంచు గీకుతూ ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మూత బిగిస్తేనే తిరిగే లాక్ ఉన్న మిక్సీలు వచ్చాయి, కానీ చాలా ఇళ్లలో ఉన్నవాటికి అది లేదు. మీ దానికి ఉందో లేదో మూత లేకుండా ఖాళీ జారు పెట్టి, దూరంగా నిలబడి ఒక్క క్షణం మర తిప్పి చూడండి.

ఇలాంటిదే ఇంకొకటి ఉంది. మిక్సీ అడుగున ఒక చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. మోటార్ మీద భారం ఎక్కువైతే అది బయటికి తన్నుకొచ్చి మిక్సీ ఆగిపోతుంది. చాలామంది మిక్సీ కాలిపోయిందని దాన్ని కొట్టుకు తీసుకొస్తారు, నేను ఆ బటన్ నొక్కి ఇచ్చేస్తే డబ్బులు తీసుకోవడానికి నాకే సిగ్గుగా ఉండేది. కానీ మర తిప్పి ఉంచి ఆ బటన్ నొక్కితే చేతిలోనే మిక్సీ గిర్రున తిరుగుతుంది. కాబట్టి ఏ కారణంతో ఆగినా మొదటి పని ఒకటే, మర సున్నాకు తిప్పడం. రాయాల్సింది ఇది:

'మిక్సీ ఆగిందంటే, కరెంటు పోయినా, దానంతట అదే ఆగినా, ముందు మర సున్నాకు తిప్పు. తరువాత ప్లగ్గు తియ్యి. తరువాతే మూత. జారులోకి చెయ్యి ఎప్పుడూ పెట్టకు, చెక్క గరిటెతో గీకు. వేడివి వెయ్యకు, చల్లారాక వెయ్యి. సగానికి మించి నింపకు. మూత మీద చెయ్యి గట్టిగా పెట్టి తిప్పు. రెండు మూడు నిమిషాలు తిప్పి కాస్త ఆపు.'

వేడివి వద్దన్నది మోటార్ కోసం కాదు. మూడేళ్ల కిందట మా ఇంట్లోనే, ఉడికిన టమాటాలు వేయించిన మిరపకాయలతో కలిపి అలాగే మిక్సీలో వేశాను. నేనే, మా ఆవిడ కాదు. బ్లేడు తిరగగానే లోపల ఆవిరి ఒక్కసారి పుట్టి మూత గాల్లోకి లేచింది. మోచేతి దాకా బొబ్బలు. ఇరవై ఎనిమిదేళ్ల అనుభవం ఆ పచ్చడి ముందు ఏం పనికిరాలేదు. ఉడికినవి పళ్లెంలో పరిచి, ముట్టుకుంటే గోరువెచ్చగా తగిలేదాకా ఆగాలి, పది పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ సమయాన్ని కూడా లెక్కలో వేసుకుని అప్పకు పని చెప్పండి. ఎనిమిదికి పచ్చడి కావాలని ఏడూ యాభైకి చెబితే వేడివే వేస్తుంది, ఎవరైనా అంతే.

ఇడ్లీ పిండి మిక్సీలో రుబ్బాల్సి వస్తే పప్పు రెండు మూడు విడతలుగా, చల్లటి నీళ్లు పోసి వేయమనండి. ఒకేసారి కుక్కితే మోటార్ కాగుతుంది, పిండీ కాగుతుంది, ఇడ్లీ గట్టిపడుతుంది. బెల్లం అచ్చు, పసుపు కొమ్ములు అలాగే వేస్తే మోటార్‌నూ జారునూ కలిపే కింది రబ్బరు కప్లర్ అరిగి పళ్లూడిపోతుంది. అప్పుడు మోటార్ తిరుగుతున్న చప్పుడు వస్తుంది గానీ బ్లేడు తిరగదు. అది తక్కువ ఖరీదు సామాను, దానికి అప్పను ఏమీ అనొద్దు. ముందే దంచి వేయమనండి.

ఇదీ చీటీ. నాలుగు ముక్కలూ కలిపితే ఒక్క కాగితం, లావు అక్షరాలతో. స్టవ్ పైన అంటించొద్దు, ఆవిరికీ నూనెకూ వారంలో మసకేస్తుంది. ఫ్రిజ్ పక్కన, తన కంటి ఎత్తులో పెట్టండి. అడుగున మీ ఫోన్ నంబరు, మీరు ఎత్తకపోతే మీ ఆయనదీ పెద్ద అంకెల్లో రాయండి. చీటీ అంటించిన రోజే పనిలోకి దించొద్దు. ఒక ఆదివారం మీరు పక్కన నిలబడి, చేతులు కట్టుకుని, అప్ప చేతనే ఒక పోపు, ఒక గిన్నె అన్నం వేడి చేయడం, ఒక చట్నీ చేయించండి. మధ్యలో ఒకసారి చెప్పకుండా మెయిన్ కట్టేయండి. తన చెయ్యి ముందు మిక్సీ మర మీదకు వెళ్తుందో, మూత మీదకు వెళ్తుందో చూడండి. మూత మీదకు వెళ్తే ఇంకో ఆదివారం ఆగండి.

అలాగే వారానికోసారి వంట అయిన వెంటనే ఇండక్షన్ ప్లగ్గును తీసి, పిన్నులు కాకుండా ప్లాస్టిక్ వైపు పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. పట్టుకోలేనంత వేడిగా ఉన్నా, పిన్నుల చుట్టూ గోధుమరంగు మచ్చ కనిపించినా ఆ సాకెట్టు మార్పించేదాకా గ్యాస్ మీదే వండమని అప్పకు చెప్పండి.